వంద ఆర్డర్లు వచ్చినా మిగలని లాభం

సూరత్‌లో తయారైన చీర ఫొటో ఒకటి పొద్దున్నే హోల్‌సేల్ గ్రూపులో పడుతుంది. మధ్యాహ్నానికల్లా అదే ఫొటో గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఎందరో గృహిణుల వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తుంది. చీర ఒకటే అయినా ధర మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటుంది. హోల్‌సేల్ ధర మీద ఒకరు యాభై వేసుకుంటారు, ఇంకొకరు వంద వేసుకుంటారు. ఆర్డరు వచ్చాక డబ్బు గ్రూపు అడ్మిన్‌కు పంపితే పార్శిల్ నేరుగా కస్టమర్ ఇంటికి వెళ్తుంది. రీసెల్లింగ్ అంటే ఇదే. ఇదే పనిని సొంత వెబ్‌సైటు పెట్టి, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలతో చేస్తే దాన్ని డ్రాప్‌షిప్పింగ్ అంటున్నారు. ఈ రెండింటిలోనూ అమ్మేవాళ్లు సరుకును కళ్లతో చూడరు. కొత్తవాళ్లను లాగేది ఆ సౌకర్యమే, చివరికి దెబ్బతీసేదీ అదే.

సరుకు కొని నిల్వ పెట్టనక్కర లేదంటే, ఆ సౌలభ్యం పక్కింటివాళ్లకూ ఉన్నట్టే. ఒకే సప్లయర్, ఒకే ఫొటో, ఒకే చీర. ఇక పోటీ పడగలిగేది ధర మీదే. 2015లో బెంగళూరులో మొదలైన మీషో రీసెల్లర్ల అండతోనే ఊరూరా పాకింది. తర్వాతి ఏళ్లలో నేరుగా కొనుగోలుదారులకే అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ యాప్ ధర మీద వంద కలిపి అమ్ముకున్న మహిళ దగ్గరికి, ఇప్పుడు కస్టమర్ అదే ధరను తన ఫోనులోనే చూసి వస్తోంది. ఇక ఆ వందను ఏమని అడుగుతుంది?

డ్రాప్‌షిప్పింగ్‌లో మార్జిన్ పైకి పెద్దగానే కనిపిస్తుంది. అది ఎలా కరిగిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఖమ్మంలో డిగ్రీ పూర్తిచేసిన ఒక యువకుడు కూరగాయలు తరిగే చాపర్‌ను 699 రూపాయలకు అమ్మకానికి పెట్టాడనుకుందాం. సప్లయర్ ధర 280, కొరియర్‌కు 70, ఒక్క ఆర్డరు రావడానికి ప్రకటనల ఖర్చు జీఎస్టీతో కలిపి 130. ఇవన్నీ పోను ఒక్కో చాపర్ మీద 219 మిగులుతుంది. వంద ఆర్డర్లు వస్తే 21,900 రూపాయలు. యూట్యూబ్ కోర్సుల్లో బోర్డు మీద వేసి చూపించే లెక్క సాధారణంగా ఇక్కడితోనే ఆగిపోతుంది.

అసలు లెక్క పార్శిల్ కస్టమర్ గుమ్మం దాకా వెళ్లాక మొదలవుతుంది. మన దగ్గర ఇలాంటి కొత్త వెబ్‌సైట్లకు వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం క్యాష్ ఆన్ డెలివరీవే. ముందు రూపాయి కట్టలేదు కాబట్టి వద్దనడానికి కస్టమర్‌కు ఏ అడ్డూ ఉండదు. రాత్రి రీలు చూస్తూ ఆర్డరు పెట్టినవాళ్లు, వారం తర్వాత పార్శిల్ వచ్చేసరికి ఊళ్లో ఉండకపోవచ్చు. చేతిలో డబ్బు లేకపోవచ్చు. అదే వస్తువు బజారులో చూసి కొనేసి ఉండొచ్చు. అలా తీసుకోకుండా వెనక్కి వచ్చేదాన్ని కొరియర్ భాషలో ఆర్‌టీఓ అంటారు. దానికి పోను ఛార్జీ, రాను ఛార్జీ రెండూ అమ్మేవాడి నెత్తినే పడతాయి.

వందలో 30 పార్శిళ్లు అలా వెనక్కి వచ్చాయనుకుందాం. తీసుకున్న 70 మందిలో ఏడుగురికి పగిలిన మూతో, మొద్దు బ్లేడో వచ్చింది. డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడింటి నష్టం సప్లయర్ భరించనన్నాడు. అంటే చేతికి వచ్చింది 63 చాపర్ల డబ్బు, 44,037 రూపాయలు. ఇక ఖర్చు చూద్దాం. ప్రకటనలకు 13,000. వంద పార్శిళ్లు పంపడానికి 7,000. ముప్పై వెనక్కి రావడానికి అరవై చొప్పున 1,800. డెలివరీ అయిన 70 పార్శిళ్లకు డబ్బు వసూలు చేసిపెట్టినందుకు కొరియర్ రుసుము 30 చొప్పున 2,100. ఆ 70 చాపర్ల ధర 19,600. పాడైన ఏడింటినీ ఇళ్ల నుంచి తెప్పించడానికి 560. మొత్తం 44,060 రూపాయలు. వంద ఆర్డర్లు చేసి అతను 23 రూపాయలు నష్టపోయాడు. ఇది కూడా, వెనక్కి వచ్చిన ముప్పై చాపర్లనూ సప్లయర్ మారుమాట లేకుండా తీసుకున్నాడనుకుంటేనే. అమ్మకం మీద జీఎస్టీ, వెబ్‌సైటు అద్దె ఇందులో కలపనే లేదు.

ఇదే లెక్కలో వెనక్కి వచ్చేవి 30 కాకుండా 15 అయితే, పాడైనవి ఎనిమిది ఉన్నా దాదాపు 5,900 రూపాయలు మిగులుతాయి. అంటే లాభనష్టాలను తేల్చేది అతను పెట్టిన ధర కాదు. ఎన్ని గుమ్మాల దగ్గర పార్శిల్‌ను వద్దన్నారన్నదే తేలుస్తుంది. అది అతని చేతిలో చాలావరకు లేదు.

కొరియర్ బిల్లులో మరో దెబ్బ కూడా ఉంటుంది. 70 రూపాయలన్నది అరకిలో లోపు పార్శిల్ ధర. కానీ కొరియర్ సంస్థలు తూకంతో పాటు పెట్టె పరిమాణాన్నీ లెక్కేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. చాపర్ తూకం 450 గ్రాములే అయినా, సప్లయర్ దాన్ని 25, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే కిలోన్నర కింద లెక్క. ప్యాకింగ్ చూడనివాడికి ఈ సంగతి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

డబ్బు తిరిగే తీరు కూడా కొత్తవాళ్లకు అంతుపట్టదు. ప్రకటనల డబ్బు రోజూ కార్డులోంచి కట్ అవుతుంది. సప్లయర్‌కు ముందే కట్టాలి. కస్టమర్ ఇచ్చిన నగదు మాత్రం డెలివరీ అయిన కొన్ని రోజులకు గానీ కొరియర్ సంస్థ నుంచి ఖాతాలో పడదు. అందుకే ఆర్డర్లు పెరిగేకొద్దీ అప్పు పెరుగుతుంది. ఈలోపు వెబ్‌సైటు డ్యాష్‌బోర్డులో అమ్మకాల అంకె ఎగబాకుతూనే ఉంటుంది. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరు ఇంకా చేరకముందే అందులో అమ్మకంగా నమోదవుతుంది. కోర్సులు అమ్మేవాళ్లు చూపించే స్క్రీన్‌షాట్లు చాలావరకు ఇవే.

ఇక ఫిర్యాదులు. చీర రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు. బ్లౌజు ముక్క రాలేదు. పార్శిల్ నాలుగు రోజులుగా ఒకే హబ్‌లో ఆగి ఉంది. డెలివరీ బాయ్ ఫోను చేయకుండానే కస్టమర్ అందుబాటులో లేరని రాసేశాడు. వీటిలో ఏదీ రీసెల్లర్ చేసిన తప్పు కాదు. అయినా ఫోను మోగేది ఆమెదే. పైనున్న అడ్మిన్‌ను అడిగితే, కట్ చేయని ఓపెనింగ్ వీడియో ఉంటేనే చూస్తామంటారు. కస్టమర్ వీడియో తీసి ఉండదు. ఆమె చుట్టాలామెో, అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఆవిడో అయి ఉంటుంది. మాట పోకూడదని రీసెల్లర్ సొంత డబ్బులోంచి వాపసు ఇచ్చేస్తుంది. యాభై రూపాయల మార్జిన్ మీద ఎనిమిది వందల చీర డబ్బు ఒక్కసారి వాపసిస్తే, పదహారు చీరల లాభం పోయినట్టే.

‘నో రిటర్న్’ అని రాసుకుంటే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు లోపభూయిష్ఠంగా ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. వెబ్‌సైటు మీద పేరు, బిల్లు ఎవరివో, కస్టమర్ దృష్టిలో బాధ్యులు వాళ్లే. తయారీదారు ఎవరో తనకు తెలియదన్న జవాబు అక్కడ నిలవదు. పైగా రాష్ట్రం దాటి సరుకు అమ్మితే, టర్నోవర్ తక్కువే అయినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా తప్పదు.

అందుకే ఈ వ్యాపారంలోకి దిగాలనుకునేవాళ్లు కోర్సుకు కట్టే డబ్బుతో ముందు అదే వస్తువును కస్టమర్‌లాగా తామే రెండు మూడు ఊళ్లకు తెప్పించి చూడండి. పెట్టె కొలవండి, తూకం వేయండి, ఎన్ని రోజులకు చేరిందో రాసుకోండి. వెనక్కి వచ్చిన సరుకు, పాడైన సరుకు తీసుకుంటానని సప్లయర్ చేత మెసేజ్‌లోనైనా ఒప్పించుకోండి. మొదటి యాభై ఆర్డర్లకు ముందుగా డబ్బు కట్టినవాళ్లకే కాస్త తగ్గించి పంపండి. ఆపైన వందలో ముప్పై వెనక్కి వస్తాయనుకుని కాగితం మీద లెక్క వేయండి. ఆ లెక్కలో రూపాయి కూడా మిగలకపోతే ఆ వస్తువును వదిలేయండి.