కోసిన బంగాళాదుంప ఫొటోలో ఏం చూడాలి?

జహీరాబాద్ వైపు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆలుగడ్డ తవ్వకాలు మొదలైతే వాట్సాప్ గ్రూపుల్లో కోసిన దుంపల ఫొటోలు తిరుగుతుంటాయి. అనుమానంగా ఉన్న గడ్డను రెండు బద్దలుగా కోసి, ఫోన్‌లో తీసి, ‘ఇదేం తెగులన్నా?’ అని రైతు అడుగుతాడు. ఒకరు లేట్ బ్లైట్ అంటారు, ఇంకొకరు గజ్జి తెగులు అంటారు, మరొకరు మందు పేరు కూడా చెప్పేస్తారు. ఇన్ని జవాబులు రావడానికి ప్రధాన కారణం, అందరూ ముందు రంగు చూడటమే. ఫొటోలో అన్నిటికంటే తక్కువ నమ్మదగినది రంగు. మచ్చ ఎక్కడ మొదలైంది, దాని అంచు ఎలా ముగిసింది అన్నవి చూస్తే చాలావరకు సంగతి తేలిపోతుంది.

ఉదాహరణకు ఒక ఫొటోలో మూడు దుంపల బద్దలు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. మూడింటిలోనూ గోధుమ రంగు కనిపిస్తోంది. రైతుకు మూడూ ఒకే జబ్బులా అనిపిస్తాయి.

మొదటి బద్ద తొక్క మీద గరుకైన పొక్కులున్నాయి. కొన్ని చిన్న చుక్కల్లా ఉంటే, కొన్ని కలిసిపోయి పెద్ద మచ్చలయ్యాయి. బెరడులా చిట్లిన ఆ మచ్చల్లో కొన్ని ఉబ్బి, కొన్ని గుంటపడి ఉన్నాయి. ఇప్పుడు కోసిన వైపు చూడండి. మచ్చ కింద కండ తెల్లగానే ఉంది. గోధుమ రంగు తొక్కను దాటి కొద్ది మిల్లీమీటర్లలోనే ఆగిపోయింది. ఇది గజ్జి తెగులు, ఇంగ్లిషులో కామన్ స్కాబ్. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా దీనికి కారణం. గడ్డ ఊరడం మొదలైన తొలి వారాల్లో నేల ఎండిపోతే ఇది బలపడుతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో మరీ ఎక్కువ. అది లేత తొక్క మీది సూక్ష్మ రంధ్రాల గుండా లోపలికి వస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి గడ్డ తన చుట్టూ బెరడు కట్టుకుంటుంది. మనకు కనిపించే గరుకుదనం ఆ బెరడే. అందుకే మచ్చ లోతుకు పోదు, నిల్వలో ఒక గడ్డ నుంచి మరో గడ్డకు పాకదు. చెక్కు తీసి వండుకుంటే తినడానికి ఏ ఇబ్బందీ లేదు. చూపు బాగాలేదని మార్కెట్లో ధర తగ్గిస్తారు, రైతుకు నష్టం అక్కడే.

రెండో బద్ద దగ్గర ఎక్కువసేపు ఆగాలి. పైన తొక్క కొంచెం కుంగి, ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంది. గరుకుదనం లేదు. ఈ బద్దను కడగకుండా చూస్తే ఆ మచ్చ మట్టి అంటినట్టే ఉంటుంది. కోసిన వైపు మాత్రం తొక్క కింద నుంచి తుప్పు రంగు లోపలికి దిగింది. ఒకచోట అర సెంటీమీటరు, పక్కనే ఒకటిన్నర సెంటీమీటర్లు, మధ్యలో తెల్లటి కండ, మళ్లీ మరక. ఇదిగో ఇక్కడితో ఆగింది అని వేలు పెట్టి చూపించగల గీత ఎక్కడా లేదు. ఆ భాగం రవ్వరవ్వగా, గట్టిగా ఉంటుంది. లేట్ బ్లైట్ కుళ్లుకు ఇదే గుర్తు.

దీనికి కారణం ఫైటాఫ్తోరా ఇన్ఫెస్టాన్స్. బూజులా కనిపించినా అసలు శిలీంధ్రం కాదు, నీటిని ఆసరా చేసుకుని బతికే వేరే జీవి. చల్లగా, మబ్బుగా, ఆకులు తడిసి ఉన్న రోజుల్లో ముందు ఆకులను మాడుస్తుంది. అక్కడి బీజాలు వాన నీటితో మట్టిలోకి దిగి గడ్డను చేరతాయి. కాబట్టి ఫొటో పంపిన రైతును ముందు అడగాల్సింది ‘ఆ మడిలో ఆకులు మాడాయా?’ అనే. మాడి ఉంటే అనుమానం బలపడుతుంది. తవ్విన రోజు శుభ్రంగా కనిపించిన గడ్డలు కూడా నిల్వలో కుళ్లిపోవచ్చు. ఐర్లాండ్‌లో 1845లో మొదలైన కరువుకు మూలం ఈ తెగులే. అక్కడ బాగున్నాయని దాచుకున్న గడ్డలు గుంటల్లోనే పాడయ్యాయి. లేట్ బ్లైట్ పట్టిన చోట మెత్తని కుళ్లు తెచ్చే బాక్టీరియా చేరితే బస్తా అంతా కంపు కొడుతుంది. అప్పుడు తీసిన ఫొటోలో నీరు కారే ముద్ద తప్ప అసలు గుర్తు మిగలదు. అందుకే కుళ్లిన గడ్డను వదిలేసి, పక్కనున్న గట్టి గడ్డను కోసి తీయాలి.

మూడో బద్ద పైన నున్నగా, పెద్దగా, చూడముచ్చటగా ఉంది. లోపల నట్టనడుమ నక్షత్రంలా మూలలు తీరిన డొల్ల. దాని గోడలు లేత గోధుమ రంగులో పొడిగా ఉన్నాయి. డొల్లకూ తొక్కకూ మధ్య తెల్లని కండ చెక్కుచెదరలేదు. దీన్ని హాలో హార్ట్ అంటారు. ఇది ఏ క్రిమి వల్లా రాలేదు. నీళ్లు చాలక పెరుగుదల ఆగిన మొక్కకు ఒక్కసారిగా నీళ్లు, నత్రజని అందితే గడ్డ గబగబా ఉబ్బి నడుమ చీలుతుంది. పెద్ద గడ్డల్లోనే ఎక్కువగా వస్తుంది. తినవచ్చు. చిప్స్ చేసేవాళ్లు మాత్రం తీసుకోరు. దీన్ని రెండు విషయాలతో పోల్చి చూసుకోవాలి. డొల్లలో తెల్లటి బూజు కనిపించి, అది పైన ముడతలు పడిన గాయంతో కలిసి ఉంటే ఫ్యుజేరియం ఎండు కుళ్లు. నడుమ భాగం బొగ్గులా నల్లబడితే గాలి అందక వచ్చే బ్లాక్ హార్ట్.

ఇక ఫొటో ఎలా తీయాలో చెప్పాలి. కోసిన బంగాళాదుంప గాలి తగిలితే దానంతటదే గులాబీ గోధుమ రంగుకు తిరుగుతుంది. పావుగంట ఆగి తీసిన ఫొటోలో ఆరోగ్యంగా ఉన్న గడ్డ కూడా రోగిష్ఠిలా కనిపిస్తుంది. గాలి వల్ల వచ్చే రంగు కోసిన ముఖమంతా పైపైన పరుచుకుంటుంది. లేట్ బ్లైట్ మరక తొక్క దగ్గర మొదలవుతుంది, సన్నని పొర చెక్కి చూసినా కింద అలాగే ఉంటుంది. కత్తి తీసిన నిమిషంలోపే ఫొటో తీయండి. తడి ముఖం మీద ఫ్లాష్ మెరిసి మరక అంచును మింగేస్తుంది, ఫ్లాష్ ఆపేయండి. పసుపు బల్బు కింద వద్దు, నీడలో పగటి వెలుతురు చాలు. తెల్లటి పళ్లెం కన్నా గోనె సంచి మీద పెడితే కండ రంగు సరిగా వస్తుంది. గడ్డను తీగ అంటిన కొస నుంచి ఎదుటి కొసకు నిలువునా కోయాలి, అడ్డంగా కోస్తే డొల్ల తప్పిపోవచ్చు. తొక్క మీద మచ్చ ఉంటే మచ్చ మీదుగా ఇంకో కోత వేయాలి. కడిగిన తొక్క ఫొటో ఒకటి, కోసిన ముఖం ఫొటో ఒకటి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి పంపితే చూసేవారికి కొలత కూడా తెలుస్తుంది.

ఇంత చేసినా లేట్ బ్లైట్‌ను ఫొటో ఒక్కటే ఖాయం చేయలేదు. కోసిన ముక్కను తడి గుడ్డతో పాటు మూత డబ్బాలో చల్లని చోట రెండు మూడు రోజులు ఉంచితే, తెగులు బతికి ఉన్నప్పుడు దాని మీద తెల్లటి నూగు రావచ్చు. అలాంటి నూగు వేరే బూజులకూ వస్తుంది కనుక చివరి మాట సూక్ష్మదర్శినిదే. దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి ఫొటోతో పాటు గడ్డలనూ పంపండి. జవాబు వచ్చేదాకా గజ్జి పట్టినవీ, డొల్ల ఉన్నవీ వంటకు వాడుకోవచ్చు. తుప్పు మరక లోపలికి దిగిన గడ్డ ఒక్కటి కనిపించినా ఆ బస్తాను మిగతా నిల్వ నుంచి వేరు చేయండి, అందులోంచి విత్తనానికి ఒక్క ముక్కా తీయకండి.