నర్సింగ్‌కు మూడేళ్ల దారి, నాలుగేళ్ల దారి

ఒకే ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు ఇంటర్ పాసయ్యారనుకుందాం. చెల్లి బైపీసీ, అక్క సీఈసీ. ఇద్దరికీ నర్సు కావాలనే ఉంది.

చెల్లికి బీఎస్సీ నర్సింగ్ తలుపు తెరిచే ఉంది. భారత నర్సింగ్ మండలి నిబంధన ప్రకారం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం మార్కులు రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. చదువు నాలుగేళ్లు. బయాలజీ చదవని అక్కకు ఈ కోర్సులో నేరుగా సీటు రాదు. ఆమె చేరగలిగింది జీఎన్ఎం అనే మూడేళ్ల డిప్లొమాలో. దీనికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా 40 శాతం మార్కులుంటే సరిపోతుంది.

జీఎన్ఎం పూర్తయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటే అక్క కూడా రిజిస్టర్డ్ నర్సే. ఆసుపత్రి వార్డులో ఉద్యోగానికి అది చాలు. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులే చూడండి. బీఎస్సీ చదివినవారు రిజిస్ట్రేషన్ కాగానే పరీక్ష రాయవచ్చు. జీఎన్ఎం వారికైతే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి.

ఆ రెండేళ్లనే అక్క మరోలా వాడుకోవచ్చు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ అని రిజిస్టర్డ్ నర్సుల కోసమే రెండేళ్ల కోర్సు ఉంది. అది పూర్తిచేస్తే ఆమెకూ డిగ్రీ వస్తుంది, అనుభవం షరతూ ఉండదు. అంటే ఏ దారైనా అక్కకు ఐదేళ్లు పడుతుంది. ఉద్యోగంలో చేరితే ఆ రెండేళ్లూ జీతం వస్తుంది. కోర్సులో చేరితే ఎమ్మెస్సీ నర్సింగ్‌కు దారి తెరుచుకుంటుంది, దానికి డిగ్రీ తప్పనిసరి. ఇంట్లో డబ్బు అవసరం ఉంటే ముందు ఉద్యోగం చేసి, తర్వాత పోస్ట్ బేసిక్‌లో చేరడమే మంచిదని నా అభిప్రాయం. అయితే ఇంటర్‌లో బైపీసీ ఉండి, మార్కులు సరిపోయి, ఫీజు కట్టగలిగితే బీఎస్సీని వదులుకోవద్దు.

ఏఎన్ఎం సంగతి వేరు. ఆ రెండేళ్ల శిక్షణ ప్రధానంగా గ్రామీణ ఆరోగ్య ఉపకేంద్రాల పనికి సంబంధించింది. తర్వాత జీఎన్ఎంలో చేరవచ్చు కానీ, ఆ మూడేళ్లూ మళ్లీ చదవాల్సిందే. డిగ్రీ దాకా వెళ్లాలనుకునేవారికి ఇది చుట్టుదారి.

ఏ కోర్సైనా ఫీజు కట్టేముందు కళాశాల పేరు భారత నర్సింగ్ మండలి వెబ్‌సైట్‌లో, రాష్ట్ర కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూడండి. బీఎస్సీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం కూడా ఉండాలి. తర్వాత వారి ఆసుపత్రికి మీరే వెళ్లండి. విద్యార్థి ఒక్కరికి ముగ్గురు రోగులు ఉండాలన్నది మండలి నియమం. పడకలు ఖాళీగా కనిపిస్తే పిల్లలు ఇంజెక్షన్ చేయడం, కాన్పు చేయించడం ఎక్కడ నేర్చుకుంటారో యాజమాన్యాన్ని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అక్కడ చేరొద్దు.