ఆహార కార్మికుల పనియోగ్యతా ధ్రువపత్రం: టైఫాయిడ్ అనంతర వాక్యరచన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
టైఫాయిడ్ నుండి కోలుకున్న ఆహార కార్మికులు తిరిగి పనిలో చేరేటప్పుడు వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రం యజమానికి ఏ పని చేయించరాదో చెప్పాలి. ఏ జబ్బు వచ్చిందో చెప్పనక్కరలేదు. ఈ రెండింటినీ వేరుచేయడంలో తెలుగు వాక్యానికి ఎదురయ్యే చిక్కులను ఒక ఊహాత్మక ఉదాహరణ ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ధ్రువపత్రం, టైఫాయిడ్, ఆహార కార్మికులు, గోప్యత, కార్యాలయ భాష.

1. అందుబాటులో ఉన్న నమూనాలు

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనల నాలుగవ షెడ్యూలులో ఆహార కార్మికుల వైద్య ధ్రువపత్రానికి ఒక నమూనా ఉంది. ఫలానా సంస్థలో ఆహార పదార్థాలను నేరుగా తాకే ఫలానా వ్యక్తిని పరీక్షించామని, ఆ వ్యక్తికి అంటువ్యాధులేవీ లేవని, ఆ సంస్థలో పనిచేయడానికి తగిన స్థితిలో ఉన్నారని వైద్యుడు సంతకం చేయాలి. ఏటా ఒకసారి జరగవలసిన పరీక్షకు ఉద్దేశించిన పత్రమిది. తనిఖీ అధికారులకు చూపడానికి దీనిని సంస్థలో భద్రపరచాలి. అంటే దీనిని చదివేవారు ఒక్క యజమానే కాదు.

భారతీయ వైద్య మండలి 2002లో వెలువరించిన వృత్తి ప్రవర్తన నియమావళికి అనుబంధంగా మరొక నమూనా ఉంది. అందులో రెండు భాగాలు. సెలవు కోరే భాగంలో ఏ జబ్బుతో బాధపడుతున్నారో రాయడానికి ఖాళీ విడిచిపెట్టారు. తిరిగి విధుల్లో చేరే భాగంలో ఆ ఖాళీ లేదు; ఆరోగ్యం చేకూరినందున విధుల్లో చేరవచ్చునన్న మాట మాత్రమే ఉంది. ఈ తేడాను చాలామంది గమనించరు. సెలవు పత్రంలో రాసిన జబ్బు పేరును అలవాటుగా చేరిక పత్రంలోనూ రాస్తారు. రోగి గురించి వృత్తిరీత్యా తెలిసిన విషయాలను వెల్లడించరాదని అదే నియమావళి చెబుతోంది. న్యాయస్థానం ఆదేశించినప్పుడు, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు, ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల విషయంలో మాత్రమే దీనికి సడలింపు ఉంది.

మొదటి నమూనా అంటువ్యాధి ఏదీ లేదంటుంది. రెండవది విధుల్లో చేరవచ్చునంటుంది. టైఫాయిడ్ తగ్గిన కార్మికుడి పరిస్థితి కొన్ని వారాలపాటు ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. పని చేయగలరు గాని అన్ని పనులూ చేయరాదు. ఈ మధ్యకాలానికి సిద్ధంగా ఉన్న వాక్యమేదీ లేకపోవడం వల్లనే వైద్యులు తమకు తోచిన మాటలు రాస్తున్నారు.

2. కోలుకోవడం వేరు, సోకించకపోవడం వేరు

జ్వరం పోయి ఆకలి పుట్టినంత మాత్రాన సాల్మొనెల్లా టైఫీ క్రిమి శరీరాన్ని విడిచినట్లు కాదు. అది కొంతకాలం మలంలో వెలువడుతూనే ఉండవచ్చు. చికిత్స అందనివారిలో సుమారు 10 శాతం మంది మూడు నెలల వరకు క్రిమిని విసర్జిస్తారు. 2 నుండి 5 శాతం మంది దీర్ఘకాల వాహకులుగా మిగులుతారు. వీరిలో క్రిమి సాధారణంగా పిత్తాశయంలో నిలిచి ఉంటుంది. మందులు సరిగా వాడితే ఈ అవకాశం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. వాహకులకు ఏ బాధా ఉండదు కనుక పైకి చూసి చెప్పడం సాధ్యం కాదు.

దీనిని తేల్చేది మలం కల్చర్ పరీక్ష. బ్రిటన్ ప్రజారోగ్య మార్గదర్శకాల ప్రకారం ఆహార కార్మికుల విషయంలో యాంటీబయాటిక్ మందులు ముగిసిన వారం తరువాత మొదలుపెట్టి, 48 గంటల ఎడంతో మూడు నమూనాలు తీసుకుంటారు. మూడింటిలోనూ క్రిమి కనిపించకపోతేనే ఆహారం తాకే పనికి అనుమతిస్తారు. మన పట్టణాలలో యజమానులు తరచుగా అడిగే విడాల్ పరీక్ష ఈ ప్రశ్నకు జవాబివ్వదు. అది రక్తంలోని ప్రతిరక్షకాలను కొలుస్తుంది. అవి జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి ఉండవచ్చు. క్రిమి వెలువడుతోందో లేదో దానివల్ల తెలియదు.

3. ఒక ఉదాహరణ

ఒక టిఫిన్ సెంటరులో చట్నీలు రుబ్బి, వడ్డించి, పార్సిళ్ళు కట్టే మహిళ ఉన్నారనుకుందాం. జూన్ 3న జ్వరం మొదలైంది. జూన్ 20తో మందులు ముగిశాయి. 22న ఆమె వైద్యుని వద్దకు వచ్చి, పనిలో చేరకపోతే ఆ స్థానంలో మరొకరిని పెట్టుకుంటారని చెప్పారు. పై లెక్కన నమూనాలు జూన్ 27, 29, జూలై 1 తేదీలలో ఇవ్వాలి. కల్చర్ ఫలితానికి మరికొన్ని రోజులు పడుతుంది. జూలై 8న మళ్ళీ చూడవచ్చు. 22వ తేదీన ఇచ్చే పత్రం సాధారణంగా ఇలా ఉంటుంది:

"శ్రీమతి ... టైఫాయిడ్ జ్వరంతో బాధపడి, చికిత్స పొంది, విడాల్ పరీక్షలో నెగటివ్ వచ్చి, పూర్తిగా కోలుకున్నందున తేలికపాటి పని చేసుకోవచ్చును."

ఈ వాక్యంలో యజమానికి అక్కరలేనివి మూడున్నాయి: జబ్బు, చికిత్స, పరీక్ష. అవసరమైనది మాత్రం లేదు. "తేలికపాటి పని" అనే మాట బరువులెత్తే కూలికి పనికివస్తుంది. టిఫిన్ సెంటరులో అన్నిటికన్నా తేలిక పని చట్నీ గిన్నె దగ్గర నిలబడి వడ్డించడమే. నిజానికి చేయించరానిది కూడా అదే. యజమాని ఈ పత్రాన్ని అక్షరాలా పాటిస్తే ఆమెను నేరుగా ప్రమాదకరమైన చోటే నిలబెడతాడు. "పూర్తిగా కోలుకున్నందున" అనే హేతువు ఆయనకున్న కొద్దిపాటి సంశయాన్ని కూడా తీరుస్తుంది.

"వంటపని చేయరాదు" అని రాసినా చాలదు. తెలుగులో వంట అంటే పొయ్యి మీద జరిగేది. వడ్డన వంట కాదు, ఉల్లిపాయలు తరగడం వంట కాదు, మజ్జిగ కలపడం, గ్లాసులో ఐసు వేయడం అసలే కాదు. అయితే మరుగుతున్న సాంబారులో క్రిమి బతకదు. చల్లని కొబ్బరి చట్నీలో బతుకుతుంది. అందువల్ల పత్రంలోని క్రియ "వండడం" కాకూడదు, "తాకడం" కావాలి.

4. పదాల ఎంపిక

ఆంగ్ల పత్రాలలోని భావాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు "ఆహారపు పని నుండి మినహాయింపు ఇవ్వవలెను" అని రాయడం కనిపిస్తుంది. మినహాయింపు అనేది తెలుగులో ఒక వెసులుబాటు. పన్నులో మినహాయింపు, ఫీజులో మినహాయింపు అన్నట్లుగా, అది పొందినవారికి కలిగే మేలు. కార్మికురాలు తనంతట తాను "ఫరవాలేదు, చేస్తాను" అంటే ఆ వెసులుబాటు వదులుకున్నట్లే అవుతుంది. "ఆంక్ష" అన్నా ఇబ్బందే. తప్పు చేసినవారి మీద విధించినట్లు ధ్వనిస్తుంది. "చేయనక్కరలేదు" అనేది ఐచ్ఛికం. "చేయరాదు" అన్న క్రియారూపమే ఇక్కడ సరైనది. అది ఎవరినీ నిందించదు, ఎవరి ఇష్టానికీ విడిచిపెట్టదు.

"వరకు" అనే ప్రత్యయం మరొక చిక్కు. "జూలై 8 వరకు ఆహారం తాకరాదు" అంటే 9వ తేదీన దానంతటదే తాకవచ్చునని అర్థం. ఫలితం ఆలస్యమైనా, ఒక నమూనాలో క్రిమి కనిపించినా, పాత పత్రం అనుమతి ఇచ్చేసినట్లవుతుంది. అందువల్ల తేదీని పునఃపరీక్షకు ముడిపెట్టాలి గాని పరిమితి ముగింపుకు కాదు. అలాగని "మలపరీక్ష ఫలితాలు వచ్చేవరకు" అని రాస్తే జబ్బు పేరు రాయకుండానే సగం చెప్పినట్లవుతుంది.

ఈ అంశాలను దృష్టిలో ఉంచుకుంటే పత్రం ఇలా ఉండవచ్చు:

"శ్రీమతి ... గారిని జూన్ 22న పరీక్షించాను. వీరు నేటి నుండి పనికి హాజరు కావచ్చును. అయితే వడ్డనకు సిద్ధమైన ఆహారాన్ని, పచ్చిగా తినే పదార్థాలను, వండటానికి తరిగే కూరగాయలను, తాగునీటిని, పానీయాలను, ఐసును వీరు తాకరాదు, వడ్డించరాదు, పార్సిల్ కట్టరాదు. తినడానికి వాడే పళ్ళేలు, గ్లాసులు, విస్తళ్ళు, వంటపాత్రలు పట్టుకోరాదు. క్యాష్ కౌంటరు, సీలు విప్పని సరుకుల లెక్క, వంటగది వెలుపల నేల శుభ్రపరచడం వంటి పనులు చేయవచ్చును. జూలై 8న మళ్ళీ పరీక్షిస్తాను. నా సంతకంతో కొత్త పత్రం అందేంతవరకు పై నియమాలు వర్తిస్తాయి."

ఇందులో జబ్బు లేదు, మందు లేదు, పరీక్ష లేదు. చదువు తక్కువైన యజమాని కూడా ఏ గిన్నె దగ్గరికి పంపకూడదో తెలుసుకోగలడు. చేతులు కడుక్కోవాలన్న మాటను కావాలనే విడిచిపెట్టాలి. అది అందరికీ వర్తించే నియమం. ఒక్కరి పత్రంలో రాస్తే ఆ ఒక్కరి చేతుల మీద అనుమానం రాసినట్లే.

అనుమతించిన పనులను పేర్కొనడం మర్యాద కోసం కాదు. న్యూయార్కులో మేరీ మాలన్ అనే వంటమనిషిని టైఫాయిడ్ వాహకురాలిగా గుర్తించి 1907లో నిర్బంధించారు. వంటపని చేయనన్న షరతు మీద 1910లో విడిచిపెట్టారు. బట్టలుతికే పనిలో రాబడి తక్కువ కావడంతో ఆమె పేరు మార్చుకుని మళ్ళీ వంటలో చేరారు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో జ్వరాలు వ్యాపించినప్పుడు దొరికారు. ఆమెపై విధించిన షరతులో చేయరానిది స్పష్టంగా ఉంది; బతుకుతెరువుకు మాత్రం చోటు లేదు. జబ్బు పేరు ఆమె సొంత పేరుకు అతుక్కుని నేటికీ వదలలేదు.

5. ఈ వాక్యం చేయలేనివి

పై పత్రం చదివిన యజమాని ఇదేదో కడుపుకు సంబంధించిన జబ్బు అని ఊహించవచ్చు. సెలవు పత్రంలో పేరు ముందే రాసి ఉంటే దాచడానికి మిగిలేది కూడా కొద్దే. గోప్యత సెలవు పత్రం నుండే మొదలుకావాలి. అక్కడ జబ్బు పేరు అడిగే ఖాళీలో "వైద్యచికిత్స అవసరమైన అస్వస్థత" అని రాస్తే సరిపోయే సందర్భాలు ప్రైవేటు కొలువుల్లో చాలా ఉన్నాయి. యజమాని ఫోను చేసి అడిగితే వైద్యుడు పత్రంలో ఉన్న వాక్యాన్నే మళ్ళీ చెప్పాలి. అంతకుమించిన సమాచారం వైద్యుని రిజిస్టరులోనే ఉండాలి.

జబ్బుగా ఉన్న రోజుల్లో ఆమె వడ్డించిన ఆహారం తిన్నవారి సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పవలసినది ఈ పత్రం కాదు. టైఫాయిడ్ కేసుల సమాచారం సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం ద్వారా ఆరోగ్య శాఖకు చేరుతుంది. ఆరా తీసే బాధ్యత ఆ శాఖది.

అన్ని దేశాలూ ఈ మధ్యేమార్గాన్ని ఒప్పుకోవు. అమెరికాలోని నమూనా ఆహార నియమావళి టైఫాయిడ్ నిర్ధారణ అయిన కార్మికులను కొన్ని పనులకు దూరం పెట్టడంతో ఆగదు. వైద్యుని పత్రం, అధికారుల ఆమోదం వచ్చేదాకా ఆ సంస్థలోకే రానీయదు. చిన్న టిఫిన్ సెంటరులో క్యాష్ కౌంటరుకూ చట్నీ గిన్నెకూ మధ్య దూరం రెండడుగులే అయితే, ఉన్న ఇద్దరు ముగ్గురే అన్ని పనులూ చేస్తుంటే, అక్కడ పాక్షిక అనుమతి కాగితానికే పరిమితమవుతుంది. అప్పుడు "జూలై 8న మళ్ళీ పరీక్షించేదాకా ఈ సంస్థలో పనికి హాజరు కారాదు" అని రాయడమే సరైనది. ఆ నిర్ణయానికి వైద్యుడు ఆమె రక్తపరీక్ష కంటే ముందు ఆమె నిలబడే చోటును గురించి అడగాలి.

మూడు నమూనాలలోనూ క్రిమి లేదని తేలితే జూలై 8న ఇచ్చే పత్రానికి రెండు వాక్యాలు చాలు: "జూన్ 22 నాటి పత్రంలోని నియమాలు నేటితో తొలగినవి. వీరు ఆహారం తాకే పనులతో సహా అన్ని పనులూ చేయవచ్చును." చట్టం కోరే వార్షిక నమూనాపై సంతకం చేయడానికి కూడా వైద్యునికి ఇప్పుడే వీలవుతుంది. ఒక నమూనాలో క్రిమి కనిపిస్తే, పాత పత్రాన్నే కొత్త తేదీతో తిరిగి ఇవ్వాలి. మాటలు మారనక్కరలేదు, "వాహకం" అన్న పదం అందులోకి రానక్కరలేదు.