తీగ లేని ఛార్జింగు మన ఎండలకు తగునా?

గత ఏప్రిల్ నెలలో, పరీక్షలకు చదువుకుంటున్న రోజుల్లో, కడప నుండి వచ్చి కర్నూలు హాస్టలులో ఉంటున్న నా మిత్రుడొకడు తన ఫోనునూ, దానితోపాటు గుండ్రని బిళ్లవంటి ఒక వస్తువునూ తెచ్చి నా ముందు పెట్టాడు. "నీది ఫిజిక్సు కదప్పా, కొంచెం చూడు. రెండు వేలు పెట్టి కొంటిని. పొద్దున బాగానే ఎక్కుతుంది, మధ్యాహ్నమైతే పనే చెయ్యదు" అన్నాడు. ఆ బిళ్ల తీగ లేకుండా ఫోనుకు ఛార్జింగు ఇచ్చే సాధనం. దుకాణాల్లో దానిని ప్యాడ్ అంటారు. ఫోను తెరపై, వేడి ఎక్కువైనందున ఛార్జింగు నిలిపివేసినట్లు ఒక సూచన కనిపిస్తున్నది. దుకాణదారు వస్తువు మంచిదేనని అంటున్నాడట. ఆ మాటా అబద్ధం కాదు. వస్తువులో లోపం లేదు. మరి లోపం ఎక్కడున్నది? ఆ ప్రశ్నకు సమాధానం వెదకగా తేలిన విషయాలనే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాను.

ఇంటర్మీడియట్ చదివిన ప్రతి విద్యార్థికీ ట్రాన్స్‌ఫార్మర్ పరిచితమే. ఒక తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్ ప్రవహిస్తే, దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో మరొక తీగచుట్టను ఉంచితే అందులో విద్యుత్ పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న ఈ సత్యమే తీగ లేని ఛార్జింగుకు మూలం. ప్యాడ్‌లో ఒక చుట్ట, ఫోను వెనుక మూత కింద మరొక చుట్ట ఉంటాయి. వాటి మధ్య విద్యుత్ సెకనుకు లక్షకు పైగా పర్యాయాలు దిశ మార్చుకుంటూ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టలనూ ఒకే ఇనుప గుండె కలిపి ఉంచుతుంది గనుక క్షేత్రం దారి తప్పదు. ఇక్కడ ఆ గుండె లేదు. రెండు చుట్టల మధ్య ప్లాస్టిక్, గాజు, ఫోను తొడుగు, కొంత గాలి ఉన్నాయి. క్షేత్రంలో కొంత భాగం రెండవ చుట్టకు చేరనే చేరదు. దాన్ని సరిపుచ్చుకోవడానికి ప్యాడ్ తన చుట్టలో ఎక్కువ ప్రవాహం నడపాలి. ఆ ప్రవాహమే తీగను కాలుస్తుంది. కొంత క్షేత్రం ఫోనులోని లోహభాగాల్లో చిన్నచిన్న సుడి ప్రవాహాలను పుట్టించి వాటినీ వేడెక్కిస్తుంది.

వేర్వేరు కంపెనీల ప్యాడ్‌లు, ఫోన్లు కలిసి పనిచేయడానికి 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్షియం అనే సంఘం ఒక ప్రమాణం రూపొందించింది. దాని పేరు 'చీ'. పెట్టెల మీద క్యూ, ఐ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించేది ఇదే. మొదట 5 వాట్లతో ప్రారంభమై 15 వాట్ల వరకు వచ్చింది. ఆపిల్ కంపెనీ 2020లో ఫోను వెనుక అయస్కాంతాల వలయం అమర్చింది. ఆ ఆలోచననే స్వీకరించి 2023లో 'చీ2' వచ్చింది. అయస్కాంతం ఇక్కడ అలంకారం కాదు. రెండు చుట్టలూ ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోవాలి. ఒక సెంటీమీటరు పక్కకు జరిగినా దక్షత చాలా పడిపోతుంది. రాత్రి నిద్రమత్తులో ఫోనును వంకరగా పెట్టి పడుకున్నవాడు తెల్లవారి చూసుకుంటే, ఫోను నిండదు సరికదా, వెచ్చగా ఉంటుంది. ఇది చాలామందికి అనుభవమే.

ఇక లెక్కకు వద్దాం. మా మిత్రుని ఫోను బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ గంటలది. సగటున 3.85 వోల్టుల చొప్పున అందులో నిలువ ఉండేది సుమారు 19 వాట్ గంటల శక్తి. తీగ ద్వారా ఛార్జి చేస్తే, గోడ వద్ద ఛార్జరులో కొంత, ఫోనులోని సర్క్యూట్‌లో కొంత పోయి, నూటికి 80 పాళ్లు బ్యాటరీకి చేరుతుందనుకుందాం. అంటే గోడ నుండి 24 వాట్ గంటలు తీసుకోవాలి. ప్యాడ్ ద్వారా అయితే ఈ రెండు నష్టాలూ ఉండనే ఉంటాయి. వాటి మధ్య రెండు చుట్టల నష్టం అదనంగా వచ్చి చేరుతుంది. ఫోను సరిగా కూర్చున్నా ఈ మధ్య అంచెలో నూటికి 70 పాళ్లు దాటడం అంత సులభం కాదు. మొత్తం మీద 56 పాళ్ల వద్ద తేలుతుంది. గోడ నుండి తీసుకునేది 34 వాట్ గంటలు.

తేడా 10 వాట్ గంటలు. ప్రతిరోజూ పూర్తిగా ఛార్జి చేసినా ఏడాదికి నాలుగు యూనిట్లు కాదు. యూనిట్టుకు ఆరు రూపాయలు వేసుకున్నా ఇరవై రెండు రూపాయలు. కాబట్టి కరెంటు బిల్లు పెరుగుతుందని భయపడి ప్యాడ్‌ను వద్దనడం అర్థం లేని మాట. మా మిత్రుని సమస్య కూడా బిల్లు కాదు. ఆ 10 వాట్ గంటలు ఎక్కడికి పోయాయన్నదే అసలు ప్రశ్న. అవి ఎక్కడికీ పోలేదు. ఉష్ణంగా మారి సుమారు సగం ప్యాడ్‌లో, మిగిలిన సగం ఫోను లోపల, బ్యాటరీ పక్కనే ఉన్నాయి.

ప్యాడ్ నుండి ఫోను 10 వాట్లు అందుకుంటున్నప్పుడు, దాని లోపలి చుట్టలోనూ సర్క్యూట్‌లోనూ కలిపి 2 వాట్ల వరకు వేడి పుడుతుందనుకుందాం. రెండు వాట్లంటే ఎంత అని నవ్వవద్దు. ఫోను ముందు వెనుకలు కలిపినా 240 చదరపు సెంటీమీటర్లే. కదలని గాలిలో ఆ ఉపరితలం, గదికంటే ఒక్కొక్క డిగ్రీ ఎక్కువైనప్పుడు పావు వాట్ చొప్పున మాత్రమే వేడిని వదలగలదు. అంటే 2 వాట్లు వదలాలంటే ఫోను గదికంటే 8 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. ప్యాడ్ మీద ఉన్నప్పుడు వెనుక భాగం మూసుకుపోతుంది, పైగా ఆ ప్యాడ్ తానే వెచ్చగా ఉంటుంది. వదలగల దారి సగమైతే పెరిగే వేడి రెట్టింపు, అంటే 16 డిగ్రీలు.

ప్యాడ్‌లను తయారుచేసేవారు ప్రకటనల్లో చెప్పే వేగాలు ఎక్కువగా 25 డిగ్రీల గదికి సరిపోతాయి. అక్కడ ఫోను 41 డిగ్రీల వద్ద నిలుస్తుంది, పని సాగిపోతుంది. మన కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో బయట ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. పై అంతస్తు గదిలో పగలంతా కాలిన కప్పు రాత్రి పది గంటలకు కూడా వేడిని దించుతూనే ఉంటుంది. గది 36 డిగ్రీలుంటే లెక్క ప్రకారం ఫోను 52కు చేరాలి. కాని ఫోను అంతదూరం పోనివ్వదు. తీగ లేకపోయినా ఫోను, ప్యాడ్ రెండూ ఆ క్షేత్రం ద్వారానే నిరంతరం సంకేతాలు పంపుకుంటాయి. బ్యాటరీ వేడెక్కగానే ఫోను తక్కువ శక్తి ఇమ్మని అడుగుతుంది. అదీ చాలకపోతే ఆపమంటుంది. మా మిత్రుడు తెరపై చూసిన సూచన ఇదే. ఆపిల్ కంపెనీ తన ఫోన్లను వాడవలసిన పరిసరాల ఉష్ణోగ్రతను 35 డిగ్రీల వరకే చెబుతుంది. మన వేసవి గది ఆ గీతను ఉదయమే దాటిపోతుంది.

ఇక్కడ వేగం సంగతి కూడా తేలిపోతుంది. 10 వాట్ల ప్యాడ్ ఆ బ్యాటరీని నింపడానికి చలికాలంలో రెండున్నర గంటలు తీసుకుంటే, ఆగుతూ సాగుతూ పనిచేసే వేసవి మధ్యాహ్నం నాలుగు గంటలైనా పట్టవచ్చు. 25 వాట్ల తీగ ఛార్జరుకు గంటా పావు చాలు. అయితే న్యాయం చెప్పాలి. వేగంగా ఎక్కించే తీగ కూడా ఫోనును వేడెక్కిస్తుంది. దాని మేలేమిటంటే ఆ వేడి తక్కువసేపు ఉంటుంది, ఫోను రెండు వైపులా గాలికి తెరిచి ఉంటుంది. సరియైన పోలిక సమాన వేగంలో చూడాలి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత 10 వాట్ల ఛార్జరును తీగతో తగిలిస్తే, ప్యాడ్ పట్టినంత సేపే పడుతుంది. లోపల పుట్టే వేడి మాత్రం సుమారు సగం, దాన్ని వదిలే దారి రెండింతలు. అదే 36 డిగ్రీల గదిలో ఫోను 40 వద్ద ఆగుతుంది. నేల మీద బేతంచర్ల బండలు పరిచిన ఇల్లైతే ఫోనును ఆ బండ మీదే పెట్టవచ్చు, రాయి వేడిని తనలోకి లాగుకుంటుంది. పరుపు మీద, దిండు కింద పెట్టడం ఎన్నడూ కూడదు.

లిథియం అయాన్ బ్యాటరీ వేడిలో ఎందుకు ముసలిదవుతుందో కూడా రెండు మాటలు చెప్పాలి. దాని లోపలి ద్రావణం ఎలక్ట్రోడ్‌తో నిత్యం కొద్దికొద్దిగా చర్య జరుపుతూ, పనికి రావలసిన లిథియంను పనికిరాని పొరగా మారుస్తూ ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ ఈ చర్య వేగం పుంజుకుంటుంది. బ్యాటరీ నిండి ఉన్న స్థితిలో ఇది మరింత తీవ్రం. రాత్రంతా ప్యాడ్ మీద పడి ఉన్న ఫోనుకు వేడి, నిండుతనం రెండూ ఒకేసారి కలిసివస్తాయి. బ్యాటరీ ఒక ఏడాది ముందే మార్చవలసి వస్తే పోయే డబ్బు, ఇందాక లెక్కించిన ఇరవై రెండు రూపాయలకు అనేక రెట్లు.

సందేహమున్నవారు తామే పరీక్షించుకోవచ్చు. ఫోను 20 పాళ్లుండగా ప్యాడ్ మీద పెట్టి, 50 పాళ్లకు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. ఫోను ఎత్తిన వెంటనే ప్రయోగశాల థర్మామీటరు బుడ్డిని వెనుక మూతకు ఆనించి, పైన దూది కప్పి, రెండు నిమిషాల తర్వాత అంకె చూడాలి. మరునాడు అదే వేళకు, అదే గదిలో, తెర ఆపి ఉంచి తీగతో ఇదే చేయాలి. తొడుగు తీసి ఒకసారి, ఉంచి ఒకసారి చేస్తే మరీ మంచిది. ఫ్యాను గాలి నేరుగా తగిలేటట్లు పెడితే ఎన్ని డిగ్రీలు తగ్గునో చూసి మీరే ఆశ్చర్యపడతారు.

అయితే ప్యాడ్‌కు డబ్బు పెట్టదగినవారు లేరా అంటే, ఉన్నారు. ఫోనుకు తీగ తగిలించే రంధ్రం అరిగి వదులైనవారు ఒకరు. (మన దుమ్ము సంగతి తెలిసిందే కనుక ముందు ఫోను ఆపి, ఎండు పళ్లపుల్లతో ఆ రంధ్రాన్ని మెల్లగా శుభ్రం చేసి చూడండి, సగం రోగాలు అక్కడే నయమవుతాయి.) వేళ్లు వణికి, సన్నని తీగకొసను గుచ్చలేని పెద్దవారు రెండవవారు. వారికి 5 వాట్ల నెమ్మది ప్యాడ్ నిజమైన ఉపకారి. ఆ మెల్లదనంలో వేడి కూడా తక్కువే. కొనేటప్పుడు అయస్కాంతమున్న దానినే కొనాలి, ఫోనుకు అయస్కాంత వలయం లేకపోతే ఆ వలయమున్న తొడుగైనా వేయాలి. మిగిలిన మనబోటి విద్యార్థులకు, కేవలం ఈ సౌకర్యం కోసం ఖరీదైన ఫోను ఎంచుకోవడం గాని, ప్యాడ్‌కు రెండు వేలు పోయడం గాని దండుగ అని నా అభిప్రాయం. ఫోను వెనుక అతుక్కొని తీగ లేకుండా ఛార్జి చేసే పవర్ బ్యాంకులకు ఈ మాట మరింత వర్తిస్తుంది. కరెంటు పోయిన వేళ, నిలువ ఉన్న శక్తిలో సగం వరకు గాలికి వదలడం ఎవరికి ఇష్టం?

మా మిత్రుడు ప్యాడ్‌ను దుకాణానికి తిరిగి ఇవ్వబోతే వారు పుచ్చుకోలేదు. ఇప్పుడు అది అతని ట్రంకుపెట్టెలో, చలికాలపు కంబళి మడతల్లో ఉంది. డిసెంబరులో కంబళితోపాటు బయటికి తీస్తానంటున్నాడు.