ఎక్కువ సరుకు వెళ్లిపోతే

విజయవాడ వన్‌టౌన్‌లోని హోల్‌సేల్ షాపు నుంచి ఖమ్మంలోని స్టీలు సామాన్ల దుకాణానికి 20 కార్టన్ల గ్లాసులు వెళ్లాలనుకుందాం. బిల్లు 20కే వేశారు, లారీలో మాత్రం 25 ఎక్కాయి. సాయంత్రం గోడౌన్‌లో స్టాకు లెక్క చూస్తే అయిదు తక్కువ. లారీ రసీదులో నగల సంఖ్య చూడగానే సంగతి తేలిపోతుంది.

ఇప్పుడు మాట్లాడవలసింది అమ్మినవాడే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ఒప్పందానికి మించి సరుకు వస్తే కొన్నవాడు తను అడిగినంతే ఉంచుకుని మిగతాది వద్దనవచ్చు. మొత్తం సరుకునే కాదనే హక్కు కూడా ఉంది. అంతా ఉంచుకుంటే మాత్రం ఒప్పుకున్న ధరకే డబ్బు కట్టాలి. వద్దన్న సరుకును తిరిగి పంపే బాధ్యత మామూలుగా అతనిది కాదు, వద్దని తెలియజేస్తే చాలు. అందుకే ముందు ఫోన్ చేసి చెప్పి, అదే రోజు ఉత్తరం పంపాలి.

ఎంత తగ్గించాలన్నది బేరం కాదు, లెక్క. కార్టన్ 4,800 రూపాయలైతే అయిదింటికి 24,000. వెనక్కి తెప్పించడానికి లారీ కిరాయి, హమాలీ కలిపి 1,250 అవుతాయనుకుందాం. 5 శాతం తగ్గిస్తే పోయేది 1,200. తెప్పించినా అంతే ఖర్చు, పైగా దారిలో గ్లాసులు సొట్టపడే భయం. కాబట్టి ఆ తగ్గింపు ఇవ్వడమే మేలు.

ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

“అయ్యా, మీ ఆర్డరు 20 కార్టన్లు. మా గోడౌన్‌లో లెక్క తప్పి 25 లోడయ్యాయి, పొరపాటు మాదే. అదనంగా వచ్చిన 5 కార్టన్లు మీకు పనికొస్తే కార్టన్‌కు 4,560 చొప్పున పన్ను కలిపి వేరే బిల్లు పంపుతాం. అక్కర్లేదంటే మా ఖర్చుతో మేమే తీసుకెళతాం, అందాకా విప్పకుండా పక్కన పెట్టించండి. ఏ సంగతీ శనివారంలోగా తెలియజేయగలరు.”

ఇందులో తగ్గింపు అదనపు సరుకుకే అని స్పష్టంగా ఉండాలి, లేకపోతే 25కీ అదే ధర అడుగుతారు. గడువు పెట్టడం మంచిదే కానీ, “జవాబు రాకపోతే కొన్నట్టే” అని రాయకూడదు. అడగని సరుకును అంటగట్టినట్టుంటుంది, ఖాతాదారుకు కోపం వస్తుంది. తగ్గింపును కొత్త బిల్లులోనే చూపిస్తే జీఎస్టీ తగ్గిన ధర మీదే పడుతుంది. వెనక్కి తెప్పిస్తే ఆ అయిదింటికీ డెలివరీ చలానా ఉండాలి.

ఫోన్ వెళ్లేసరికే ఖమ్మంలో రెండు కార్టన్లు అమ్ముడైపోయి ఉండవచ్చు. అప్పుడు ఆ రెండింటికి 4,560 చొప్పున బిల్లు వేసి, మిగిలిన మూడింటి మాట విడిగా అడగాలి. మూడింటి కోసం బండి పంపడం దండగ అనిపిస్తే, అటువైపు వెళ్లే తర్వాతి లోడు తిరిగి వచ్చేటప్పుడు తెస్తుందని చెప్పి, ఆ తేదీ రాసి ఇవ్వాలి.