అందరికీ కుదిరే రోజు

పిల్లలూ, అర్ధవీడులో అవ్వ ఇంట బంధువులంతా కలవాలనుకున్నారనుకోండి. మార్కాపురం, గిద్దలూరు, హైదరాబాదు, బెంగుళూరు అన్నీ కలిపి తొమ్మిది ఇళ్ళ వాళ్ళు. ఏ రోజు కలవడం? వాట్సాప్ గుంపులో "పోల్" పెట్టి మే 10, 17, 24 తేదీలు ఇచ్చారు.

ఇంటికి ఒకే ఓటు అన్నప్పుడు 10కి నాలుగు, 17కి మూడు, 24కు రెండు వచ్చాయి. అయితే 10వ తేదీ గెలిచినట్టేనా? కాదు. ఆ రోజు తక్కిన అయిదిళ్ళ వాళ్ళకూ తీరిక లేదు!

ఎందుకిలా జరిగింది? "మీకు ఏది ఇష్టం?" అని అడిగారు గనక. అడగవలసింది "ఏయే రోజుల్లో రాగలరు?" అని. పోల్ తయారుచేసేటప్పుడు Allow multiple answers అనే మీటను తెరిచి ఉంచితే, కుదిరే తేదీలన్నిటికీ ఓటు వేయవచ్చు. అలా మళ్ళీ అడిగితే 10కి నాలుగే వచ్చాయి. 17కు ఎనిమిది వచ్చాయి!

ఇక మిగిలిన ఆ ఒక్క ఇల్లు ఎవరిది? View votes నొక్కితే ఓటు వేసినవారి పేర్లు కనిపిస్తాయి. అవ్వను ఊరికి తీసుకురావలసింది ఆ ఇంటివారే అయితే, ఎనిమిది ఓట్లున్నా లాభం లేదు. ఓటు వేయనివారు "రాము" అన్నట్టూ కాదు, "వస్తాము" అన్నట్టూ కాదు. ఫోను చేసి అడగాలి. ఫోను లేని అవ్వనూ అడగాలి గదా!

ఓటును తరువాత మార్చుకోవచ్చు. అందుచేత గడువు రోజును ప్రశ్నలోనే రాసి, అది దాటగానే "మే 17 ఖాయం" అని గుంపులో విడిగా తెలపాలి. ఆ మాట వచ్చాకే బస్సు టిక్కెట్లు కొనాలి.