‘ఫ్రెండ్స్‌గానే ఉందాం’ అన్న తర్వాత

‘‘నువ్వంటే నాకు చాలా ఇష్టం. కానీ ఆ రకంగా ఎప్పుడూ అనుకోలేదు. మనం ఇలాగే ఉందాం, ప్లీజ్.’’

హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో మూడేళ్లుగా కలిసి పనిచేస్తున్న ఇద్దరిలో ఆమె అన్న మాటలివి. శనివారం సినిమా చూసి మెట్రో స్టేషన్‌కి నడుస్తుండగా అతను మనసులో మాట చెప్పాడు. జవాబు విని, ‘‘అయ్యో, దాందేముంది’’ అని నవ్వేశాడు. రాత్రి పదకొండింటికి రోజూలాగే ఆమె నుంచి మెసేజ్ వచ్చింది: ‘‘చేరావా?’’ ఆ ఒక్క మాటను అతను ఆ రాత్రి ఎన్నిసార్లు చదువుకున్నాడో!

కటువుగా కాదంటే మనసు విరిగిపోతుంది, కానీ సంగతి అక్కడితో తేలిపోతుంది. మెత్తగా కాదన్నప్పుడే చిక్కు. ‘చాలా ఇష్టం’ ఒకవైపు, ‘ఆ రకంగా కాదు’ ఇంకోవైపు. వినేవాడు రెండోదాన్ని వదిలేసి మొదటిదాన్నే దాచుకుంటాడు. ఇలాంటి మోహావేశానికి అమెరికన్ సైకాలజిస్టు డొరొతీ టెన్నోవ్ 1979లో రాసిన పుస్తకంలో ‘లైమరెన్స్’ అని పేరు పెట్టారు. అది బతికేది ఆశ మీద, అనిశ్చితి మీద అని ఆమె వివరించారు. ఔనో కాదో గట్టిగా తేలనంత కాలం అది ఆరదు.

రాయ్ బామైస్టర్, మరో ఇద్దరు పరిశోధకులు 1993లో ఇంకో కోణం చూపించారు. ఒకవైపే మిగిలిపోయిన ప్రేమల గురించి ప్రేమించినవాళ్ల చేత, కాదన్నవాళ్ల చేత వాళ్ల అనుభవాలు రాయించారు. తమకు స్పష్టంగా కాదని చెప్పనే లేదనీ, ఆశ పెట్టారనీ ప్రేమించినవాళ్లు తరచూ రాశారు. కాదన్నవాళ్ల రాతల్లో అపరాధభావం నిండి ఉంది. వాళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ప్రేమించేవాడు ఏం చేయాలో కథలూ సినిమాలూ బోలెడు చెబుతాయి, కాదనేవాళ్లు ఎలా మసలుకోవాలో చెప్పేవి దాదాపు లేవు. మన సినిమాలదీ ఇదే తీరు. వెంటపడ్డ హీరోకి చివరికి హీరోయిన్ దక్కుతుంది. నొప్పించకుండా కాదన్న అమ్మాయి మర్నాడు ఆఫీసులో ఎలా పలకరించాలో ఏ సినిమా చూపించింది? అందుకే ఆమె తనకు తెలిసిన పనే చేస్తుంది, ఎప్పటిలాగే ‘‘చేరావా?’’ అని అడుగుతుంది. అందులో మోసం లేదు, పిలుపూ లేదు.

మన కుర్రాడు నాలుగు నెలలు అలాగే నెట్టుకొచ్చాడు. ఒకరోజు లంచ్‌లో ఆమె, ‘‘విజయవాడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బాగానే ఉన్నాడు. నువ్వేమంటావ్?’’ అంది. ‘‘నీ ఇష్టం’’ అన్నాడు. మర్నాడు ఏదో ఫైలు ఆలస్యమైందని అందరి ముందూ ఆమె మీద విసుక్కున్నాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఎలా అర్థమవుతుంది, ‘దాందేముంది’ అన్నవాడు తనే కదా.

స్నేహితుడిగా ఉండాలా, దూరం జరగాలా అని తేల్చుకోవడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఇదే. ఆమెకు సంబంధం కుదిరిందన్న కబురు ఊహించుకోవాలి. కాస్త గుచ్చుకున్నా, ఆ అబ్బాయి వివరాలు మనస్ఫూర్తిగా అడగగలిగితే స్నేహంలో ఉండొచ్చు. ఈ సంబంధం తప్పిపోతే బాగుండునని లోపల అనిపిస్తే, అక్కడున్నది స్నేహం పేరుతో సాగుతున్న ఎదురుచూపు. అలాంటప్పుడు దగ్గరే ఉండి చేసే ప్రతి సాయానికీ ఒక రహస్య ఖాతా నడుస్తుంది. ఆమెకు తెలియకుండానే ఆమె పేరున అప్పు పెరుగుతుంది.

అలాగని చెప్పాపెట్టకుండా మాయమైపోకూడదు. ఫోనెత్తకపోతే, గ్రూపులోంచి తప్పుకుంటే, తన మీద పగ పెంచుకున్నాడని ఆమె అనుకుంటుంది. కుర్రాడు చివరికి ఇలా చెప్పాడు: ‘‘నువ్వు తప్పేం చేయలేదు. నేనే ఇంకా బయటపడలేదు. కొన్నాళ్లు ఆఫీసు పని వరకే మాట్లాడతాను. నాకు కుదుటపడ్డాక నేనే పలకరిస్తాను.’’ బతిమాలడం లేదు, నింద లేదు, ‘ఆలోచించుకో’ అనే మాట అసలే లేదు. ఆమె కాసేపు ఊరుకుని, ‘‘సరే’’ అంది. ఆ రాత్రి మెసేజ్ రాలేదు. దూరమంటే ముందు తెగాల్సింది ఆ రాత్రిపూట కబుర్లే. పగటి పని మాటలు అంత హాని చేయవు. ఆమె స్టేటస్‌లు మ్యూట్ చేశాడు. లాస్ట్ సీన్ చూసే అలవాటు పోవడానికి మాత్రం చాలా వారాలు పట్టింది.

ఇలా జరిగిన దూరం ఒక్కోసారి తిరిగి కలవదు. వీళ్లకు సగమే కలిసింది. ఐదు నెలలకు అతను మళ్లీ నలుగురితో పాటు లంచ్ టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఇద్దరే సినిమాకు వెళ్లడం మాత్రం మళ్లీ జరగలేదు, ఎవరూ అడగలేదు. ఆమె పెళ్లికి ఆఫీసువాళ్లతో కలిసి విజయవాడ వెళ్లాడు. అక్షింతలు వేసి, భోంచేసి, రాత్రి బస్సుకు తిరిగొచ్చాడు. తెల్లారి గ్రూపులో ఆమె అందరినీ అడిగింది: ‘‘చేరారా?’’

‘‘చేరాం’’ అని అందరికంటే ముందు జవాబిచ్చింది అతనే.